నాలుగు వాక్యాల పాఠంపై కృత్రిమమేధ గుర్తింపు సాధనాల తీర్పు: విశ్వసనీయత - పరిమితులు

వ్యాససంగ్రహం

ఒక రచనను మనిషి రాశాడా, యంత్రం రాసిందా అని తేల్చే సాధనాలు విద్యాసంస్థల్లో వాడుకలోకి వచ్చాయి. సుదీర్ఘమైన వ్యాసానికీ, నాలుగు వాక్యాల జవాబుకూ ఇవి ఒకే రూపంలో శాతాన్ని చూపుతాయి. ఆ రెండు శాతాల విలువ మాత్రం ఒకటి కాదు. ఈ సాధనాలు కొలిచేది పదాల అనూహ్యతకు సంబంధించిన సగటు. కొద్ది పదాల మీద తీసిన సగటు ఒక్క వాక్యం మారితేనే తారుమారవుతుంది. ఈ స్థితికి కారణాలను కర్తృత్వ పరిశోధన నుండి ఒక ఉదాహరణతోనూ, చిన్న గణనలతోనూ వివరించడం, ఒక సంస్థ తన సాధనాన్ని తానే పరీక్షించుకొనే పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కృత్రిమమేధ, గుర్తింపు సాధనాలు, అనూహ్యత, కర్తృత్వ నిర్ణయం, అల్పపాఠం, తప్పు గుర్తింపు.

1. ఉపోద్ఘాతం

ఒక కళాశాలలో అధ్యాపకుడు విద్యార్థులకు ఒక చిన్న ప్రశ్న ఇచ్చి, నాలుగైదు వాక్యాల్లో జవాబు రాసి పంపమన్నాడని అనుకుందాం. ఒక జవాబు మరీ నున్నగా ఉన్నట్లు అనిపించి, దాన్ని అంతర్జాలంలో దొరికే ఒక గుర్తింపు సాధనంలో పెట్టి చూశాడు. తెర మీద '87 శాతం కృత్రిమమేధ' అని వచ్చింది. విద్యార్థి తానే రాశానంటున్నాడు. సాధనం కాదంటున్నది. ఇక్కడ ఎవరి మాట నమ్మాలి?

ఈ ప్రశ్నకు జవాబు విద్యార్థి స్వభావంలో ఉండదు. ఆ సాధనం మంచిదా, చెడ్డదా అన్న చర్చలో కూడా పూర్తిగా ఉండదు. నాలుగు వాక్యాల్లో తీర్పుకు సరిపడినంత సాక్ష్యం ఉందా అన్నదే అసలు విషయం. సాక్ష్యం చాలనప్పుడు ఎంత మేలైన సాధనమైనా ఊహించగలదే తప్ప నిర్ణయించలేదు. పరిశోధక విద్యార్థి మీద పడే అపవాదు అతని పట్టానే ప్రశ్నార్థకం చేయగలదు కాబట్టి, ఆ 87 అనే అంకె ఎలా పుట్టిందో తెలుసుకోవడం అవసరం.

2. సాధనం దేన్ని కొలుస్తుంది?

యంత్రరచనకు ఆధారం భాషానమూనా. అది అప్పటివరకు వచ్చిన పదాలను చూసి, తరువాత ఏ పదం రావడానికి ఎంత అవకాశం ఉందో లెక్కకడుతుంది. 'ఈ వ్యాసం ముఖ్య' అన్న తరువాత 'ఉద్దేశం' అనే పదం వస్తుందని తెలుగు చదివినవారందరూ ఊహించగలరు. నమూనా కూడా ఊహిస్తుంది. అదే చోట 'శత్రువు' అని వస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఈ ఆశ్చర్యాన్ని అంకెల్లో చెప్పవచ్చు. రెండింట ఒక అవకాశం ఉన్న పదం వస్తే దాని అనూహ్యత 1 బిట్టు. పదహారింట ఒక అవకాశం ఉన్న పదం వస్తే 4 బిట్లు. అవకాశం తగ్గేకొద్దీ బిట్లు పెరుగుతాయి.

పాఠంలోని పదాలన్నింటి అనూహ్యతను కూడి, పదాల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. ఈ సగటు నుండి లెక్కించే కొలతనే ఈ రంగంలో 'పెర్‌ప్లెక్సిటీ' అంటారు. యంత్రం ఎక్కువగా అవకాశం ఉన్న పదాలనే ఎన్నుకుంటుంది కాబట్టి దాని రచనలో సగటు అనూహ్యత తక్కువగా ఉంటుందనీ, మనిషి అప్పుడప్పుడు ఎదురుచూడని పదం వేస్తాడు కాబట్టి అతని రచనలో ఎక్కువగా ఉంటుందనీ భావన. 2023 జనవరిలో వెలువడిన జీపీటీజీరో సాధనం ఈ కొలతతో పాటు, వాక్యం నుండి వాక్యానికి అనూహ్యత ఎంతగా హెచ్చుతగ్గులవుతున్నదన్న దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఈ రెండో కొలతకు పాఠంలో పలు వాక్యాలు ఉండాలన్నది స్పష్టమే. నాలుగు వాక్యాల మధ్య ఉండే హెచ్చుతగ్గులు శైలిని గురించి చెప్పగలిగేది స్వల్పం.

ఇతర సాధనాలు కొన్ని వేరే మార్గంలో వెళతాయి. మనుషుల రచనలను, యంత్రరచనలను పెద్ద సంఖ్యలో చూపించి, తేడా పట్టుకొనేలా ఒక వర్గీకరణ యంత్రానికి శిక్షణ ఇస్తారు. ఏ మార్గమైనా ఆధారం మాత్రం పాఠంలో కనిపించే చిన్న చిన్న సూచనల కూడికే. ఏ ఒక్క పదమూ 'ఇది యంత్రం రాసింది' అని చెప్పదు. ప్రతి పదం ఏదో ఒక వైపుకు కొద్దిగా మొగ్గుతుంది. ఆ మొగ్గులు చాలినన్ని కలిసినప్పుడే తీర్పుకు బలం వస్తుంది.

3. కర్తృత్వ పరిశోధన నేర్పిన పాఠం

సాహిత్య పరిశోధకులకు ఇది కొత్త సంగతి కాదు. 'క్రీడాభిరామం' వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న చర్చ తెలుగులో చాలాకాలం సాగింది. అది ఒక పూర్తి గ్రంథం కాబట్టి భాష, ఛందస్సు, పదప్రయోగాలు చూపి ఇరుపక్షాలూ వాదించగలిగాయి. శ్రీనాథుని పేరుతో ప్రచారంలో ఉన్న ఒక్కొక్క చాటుపద్యం విషయంలో అటువంటి వాదానికి తావు తక్కువ. నాలుగు పాదాల్లో శైలికి సంబంధించిన ఆధారాలు ఎన్ని దొరుకుతాయి? పద్యం శ్రీనాథుని ధోరణిలో ఉందనవచ్చు. అయితే ఆ ధోరణిని అనుకరించగలవారు మరెందరో ఉంటారు.

ఇదే విషయాన్ని అంకెల్లో చూపిన ప్రసిద్ధ పరిశోధన అమెరికాలో జరిగింది. 1787-88 సంవత్సరాల్లో వెలువడిన ఫెడరలిస్ట్ వ్యాసాలు 85. వాటిలో 12 వ్యాసాలు అలెగ్జాండర్ హామిల్టన్‌వా, జేమ్స్ మాడిసన్‌వా అన్నది వివాదాస్పదం. ఫ్రెడరిక్ మాస్టెలర్, డేవిడ్ వాలెస్ అనే గణాంకశాస్త్రజ్ఞులు 1964లో ప్రచురించిన గ్రంథంలో చిన్న చిన్న వ్యాకరణపదాల వాడుకను ఆధారం చేసుకొని, ఆ వ్యాసాలు మాడిసన్‌వి కావడానికే అవకాశం ఎక్కువని నిరూపించారు. వారు ఉపయోగించిన పదాల్లో 'అపాన్' అనే ఇంగ్లీషు విభక్త్యర్థక పదం ఒకటి. హామిల్టన్ రచనలో ఇది వెయ్యి పదాలకు సుమారు 3 సార్లు వస్తుంది. మాడిసన్ రచనలో వెయ్యికి సుమారు 0.2 మాత్రమే, అంటే ఐదువేల పదాలకు ఒకసారి. పదిహేను రెట్ల తేడా. ఇంతకన్న స్పష్టమైన గుర్తు దొరకడం అరుదు.

ఇప్పుడు ఈ గుర్తును 60 పదాలున్న ఒక చిన్న పాఠానికి అన్వయించి చూడవచ్చు. ఆ పాఠంలో 'అపాన్' ఒక్కసారీ రాలేదనుకుందాం. హామిల్టన్ రాసి ఉంటే 60 పదాల్లో ఆ పదం రావలసిన సగటు సంఖ్య 0.18. అసలు రాకపోవడానికి సంభావ్యత సుమారు 84 శాతం. మాడిసన్ రాసి ఉంటే రాకపోవడానికి సంభావ్యత 99 శాతం. ఈ రెండింటి నిష్పత్తి 1.2 కూడా దాటదు. అంటే ఆ పదం లేకపోవడం వల్ల తెలిసింది దాదాపు శూన్యం. అదే పాఠం 2000 పదాలదై, అందులో 'అపాన్' ఒక్కసారీ రాకపోతే స్థితి వేరు. హామిల్టన్ విషయంలో అలా జరగడానికి సంభావ్యత 0.25 శాతం. మాడిసన్ విషయంలో 67 శాతం. నిష్పత్తి సుమారు 270. గుర్తు అదే, రచయితలు వారే, తేడా పొడవులోనే ఉంది.

పోనీ, 60 పదాల పాఠంలో 'అపాన్' ఒకసారి వచ్చిందనుకుంటే? అప్పుడు మొగ్గు హామిల్టన్ వైపు పన్నెండు రెట్లకు పైగా ఉంటుంది. చూడడానికి ఇది బలమైన సాక్ష్యమే. అయితే ఆ బలమంతా ఒక్క పదం మీద నిలిచి ఉన్నది. అచ్చు సరిదిద్దినవారు ఆ పదాన్ని మార్చి ఉంటే తీర్పు కూడా మారుతుంది. చిన్న పాఠంలో ఫలితం ఒకసారి ఏమీ చెప్పకుండా, మరొకసారి అతి నమ్మకంగా రావడానికి కారణం ఇదే.

4. సగటు ఊగిసలాట

కృత్రిమమేధ గుర్తింపులో ఇంత స్పష్టమైన గుర్తులు ఉండవు. మనిషి సగటుకూ, యంత్రం సగటుకూ మధ్య దూరం తక్కువ. ఒకే రచనలోని పదాల మధ్య అనూహ్యతలో తేడా మాత్రం ఎక్కువ. ఊహించదగిన పదానికి అర బిట్టు, ఊహించరాని పేరుకు పన్నెండు బిట్లు రావచ్చు.

విషయం తేటపడడానికి కొన్ని అంకెలను ఊహించుకుందాం. ఇవి ఏ సాధనానికీ చెందినవి కావు. లెక్క సులభం కావడానికి ఎన్నుకున్నవి. మనిషి రచనలో పదానికి సగటు అనూహ్యత 4.5 బిట్లు, యంత్రరచనలో 4 బిట్లు, రెండింటిలోనూ పదం నుండి పదానికి ప్రామాణిక విచలనం 3 బిట్లు అనుకుందాం. నిర్ణయరేఖ మధ్యలో, అంటే 4.25 దగ్గర. సగటు ఆ రేఖకు పైన ఉంటే మనిషి, కింద ఉంటే యంత్రం.

పాఠం 50 పదాలదైతే దాని సగటులో సహజంగా ఉండే ఊగిసలాట ఇలా వస్తుంది:

`3 / √50 = 0.42`

మనిషి సగటు నుండి నిర్ణయరేఖకు ఉన్న దూరం 0.25 మాత్రమే. దూరం కన్నా ఊగిసలాటే ఎక్కువ. ఈ స్థితిలో మనిషి రాసిన చిన్న పాఠాల్లో సుమారు 28 శాతం రేఖకు కిందపడి యంత్రరచనలుగా కనిపిస్తాయి. యంత్రరచనల్లోనూ అంతే శాతం మనిషి రచనలుగా తప్పించుకుంటాయి. పాఠం 200 పదాలదైతే ఊగిసలాట 0.21కి తగ్గి, తప్పు సుమారు 12 శాతానికి దిగుతుంది. 800 పదాలకు ఊగిసలాట 0.11. తప్పు ఒక్క శాతం లోపు. ఊగిసలాట పదాల సంఖ్యకు కాక దాని వర్గమూలానికి అనుగుణంగా తగ్గుతుంది కాబట్టి, దాన్ని సగానికి తగ్గించాలంటే పాఠం నాలుగు రెట్లు పొడవు కావాలి. రెండు వాక్యాలకు మరో రెండు చేర్చినంత మాత్రాన నమ్మకం రెట్టింపు కాదు.

ఈ లెక్క ఒక విధంగా ఉదారమైనది. పదాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని ఇందులో అనుకోవడం జరిగింది. నిజానికి ఒక విషయం మొదలైతే దానికి సంబంధించిన పదాలే వరసగా వస్తాయి. అందువల్ల 50 పదాల్లో 50 విడివిడి సాక్ష్యాలు ఉండవు, అంతకంటే తక్కువే ఉంటాయి. అసలు సాధనాల్లో తప్పు ఈ లెక్కకు భిన్నంగా ఉండవచ్చు గాని, పొడవు తగ్గితే తప్పు పెరుగుతుందన్న దిశ మారదు.

5. ఒక్క వాక్యం బరువు

విద్యారంగంలో ఎదురయ్యే చిన్న పాఠాలకు మరొక చిక్కు ఉన్నది. వ్యాససంగ్రహం, నిర్వచనం, కృతజ్ఞతలు, పరికల్పన వంటివన్నీ స్థిరపడిన మూసలో ఉంటాయి. 'ఈ వ్యాసం ఫలానా నవలలోని స్త్రీపాత్రలను పరిశీలిస్తుంది' అన్న వాక్యాన్ని ఎవరు రాసినా ఇంచుమించు అలాగే రాస్తారు. ఆ వాక్యం అనూహ్యత తక్కువ. యంత్రం రాసినందువల్ల అలా కాలేదు. ఆ ప్రక్రియ ఆ వాక్యాన్నే కోరుతుంది.

నాలుగు సమానమైన వాక్యాలున్న ఒక వ్యాససంగ్రహాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మొదటి వాక్యం విషయాన్ని, రెండవది పరిధిని, నాలుగవది ఫలితాన్ని మూసపద్ధతిలో చెబుతాయి. మూడవ వాక్యంలో పరిశోధకుడు తాను సేకరించిన ఒక మాండలిక పదాన్ని, ఒక ఊరి పేరును ప్రస్తావించాడు. ఈ నాలుగింటి సగటు అనూహ్యత వరసగా 2.8, 3.1, 5.6, 3.3 బిట్లు అనుకుంటే మొత్తం సగటు 3.7. సాధనం నిర్ణయరేఖ 3.5 అయితే ఇది మనిషి రచన. సంపాదకుడు పదాల పరిమితి కోసం మూడవ వాక్యాన్ని తొలగించమన్నాడు. మిగిలిన మూడింటి సగటు 3.07. రాసిన చేయి మారలేదు. అయినా ఇప్పుడది యంత్రరచన!

ఇదే సగటు ఉన్న 40 వాక్యాల రచనలో అటువంటి ఒక వాక్యాన్ని తీసివేస్తే సగటు 3.7 నుండి 3.65కి మాత్రమే జరుగుతుంది. తీర్పు చెక్కుచెదరదు. ఒక తీర్పు పాఠంలో ఉన్నదా, లేక ఒక్క వాక్యంలో ఉన్నదా అని తెలుసుకోవడానికి దీన్నే పరీక్షగా వాడవచ్చు. పాఠం నుండి ఒక్కొక్క వాక్యాన్ని తీసి, సాధనాన్ని మళ్ళీ అడగాలి. ఫలితం అటూ ఇటూ మారుతుంటే అది తీర్పుగా పరిగణించదగినది కాదు. ఫలితం మారకుండా నిలిచినంత మాత్రాన అది నిజమని రుజువైనట్లు కాదు. నాలుగు మూస వాక్యాలు కలిసి స్థిరంగానే తప్పు చెప్పగలవు.

6. తెలుగు పాఠం విషయంలో

భాషానమూనాలు పదాన్ని పదంగా చదవవు. దాన్ని 'టోకెన్లు' అనే ముక్కలుగా విడగొట్టుకొని చదువుతాయి. ఇంగ్లీషులో వాడుకలో ఉన్న పదం చాలాసార్లు ఒకే ముక్క. తెలుగులో ప్రత్యయాలు పదానికి అతుక్కొని వస్తాయి. పైగా చాలా నమూనాల శిక్షణలో తెలుగు పాఠం పాలు తక్కువ. అందువల్ల 'విద్యార్థులందరికీ' వంటి పదం అనేక ముక్కలవుతుంది. మొదటి ముక్కలు తెలిశాక మిగిలినవి సులభంగా ఊహకందుతాయి. ఆ ముక్కలు సంఖ్యను పెంచుతాయి గాని రచయిత శైలిని గురించి కొత్త సాక్ష్యాన్ని ఇవ్వవు. నలభై తెలుగు పదాల పాఠం సాధనానికి పొడవైన పాఠంగా కనిపించవచ్చు. అందులో రచయిత చేసిన ఎంపికలు మాత్రం నలభై లోపే.

కనీస పొడవును అక్షరాల్లో చెప్పే సాధనాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 'లక్ష్మి' అన్న పదంలో మనం లెక్కించే అక్షరాలు రెండు. యూనికోడ్ పద్ధతిలో కంప్యూటర్ లెక్కించే సంకేతాలు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఇంగ్లీషు పాఠం కోసం నిర్ణయించిన వెయ్యి అక్షరాల హద్దును తెలుగు పాఠం దాటిందంటే, అందులో అంతే సాక్ష్యం ఉన్నట్లు భావించరాదు.

7. తయారీదారులు ప్రకటించిన హద్దులు

ఈ పరిమితిని తయారుచేసినవారే ఒప్పుకున్నారు. చాట్‌జీపీటీని రూపొందించిన ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరి 31న ఒక గుర్తింపు సాధనాన్ని విడుదల చేసింది. వెయ్యి అక్షరాల లోపు ఉన్న పాఠాల మీద అది ఏమాత్రం నమ్మదగినది కాదని ఆ ప్రకటనలోనే చెప్పింది. ఇంగ్లీషుకు మాత్రమే వాడమని కూడా సూచించింది. సంస్థ పరీక్షలో అది యంత్రరచనల్లో 26 శాతాన్నే గుర్తించగలిగింది. మనిషి రచనల్లో 9 శాతాన్ని తప్పుగా యంత్రరచనలన్నది. కచ్చితత్వం తక్కువన్న కారణంతో అదే సంవత్సరం జూలైలో దాన్ని ఉపసంహరించుకొంది.

విశ్వవిద్యాలయాలకు పరిచితమైన టర్నిటిన్ సంస్థ తన సాధనానికి మొదట 150 పదాల కనీస పరిమితిని పెట్టి, 2023లో దాన్ని 300 పదాలకు పెంచింది. అంతకన్న గమనించదగినది, ఆ సంస్థ అదే సంవత్సరం ప్రకటించిన రెండు వేర్వేరు తప్పుల శాతాలు. ఐదింట ఒక వంతుకు పైగా యంత్రరచన ఉందని తేల్చిన పూర్తి పత్రాల విషయంలో తప్పు ఒక శాతం లోపు. విడి వాక్యాల విషయంలో తప్పు సుమారు 4 శాతం. సాధనం ఒకటే. ప్రశ్న పత్రం మొత్తాన్ని గురించి అడిగినప్పుడు ఒక రకంగా, ఒక్క వాక్యాన్ని గురించి అడిగినప్పుడు మరొక రకంగా జవాబు బలం మారుతున్నది. రంగు వేసి చూపిన రెండు వాక్యాలను చూపి విద్యార్థిని నిలదీయడం, పూర్తి పత్రానికి ఉన్న నమ్మకాన్ని వాక్యానికి అరువిచ్చినట్లవుతుంది.

పొడవు ఒక్కటే అన్నింటికీ మందు కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు సాధనాలను పరీక్షించినప్పుడు, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రరచనలుగా తేలాయి. పరిమితమైన పదసంపద వల్ల వారి రచన అనూహ్యత తగ్గడం దీనికి కారణంగా గుర్తించారు. ఇది మొగ్గుకు సంబంధించిన దోషం. పాఠం పొడవైతే ఊగిసలాట తగ్గుతుంది గాని, కొలబద్దే ఒక వర్గానికి వ్యతిరేకంగా వంగి ఉంటే ఆ వంపు పోదు. చిన్న పాఠంలో ఈ రెండు దోషాలూ ఒకేసారి పనిచేస్తాయి.

8. తరగతి మొత్తానికి అన్వయం

28 శాతం తప్పంటే 72 శాతం ఒప్పే కదా, 'యంత్రరచన' అన్న తీర్పును 72 శాతం నమ్మవచ్చని అనిపించవచ్చు. ఇది పొరపాటు. నూరుగురు విద్యార్థులున్న తరగతిలో పదిమంది మాత్రమే యంత్రం సహాయంతో జవాబు రాశారనుకుందాం. పైన ఊహించిన సాధనంలో నూరు చిన్న జవాబులను పెడితే, ఆ పదిమందిలో ఏడుగురు దొరుకుతారు. స్వయంగా రాసిన తొంభైమందిలో 28 శాతం, అంటే ఇరవై ఐదుగురు కూడా దొరుకుతారు. సాధనం వేలు చూపిన ముప్పై ఇద్దరిలో నిజంగా తప్పుచేసినవారు ఏడుగురే. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు నిర్దోషులు.

అదే విద్యార్థులు 800 పదాల వ్యాసాలు రాసి ఉంటే దొరికేవారు సుమారు పదకొండుమంది. వారిలో పదిమంది నిజంగా యంత్రం వాడినవారే. సాధనం తెర మీద చూపే శాతం ఈ వ్యత్యాసాన్ని చెప్పదు. ఎందుకంటే తరగతిలో ఎంతమంది యంత్రం వాడి ఉంటారన్నది దానికి తెలియదు.

9. సంస్థ స్వయంగా చేయదగిన పరీక్ష

తన చేతిలో ఉన్న సాధనం చిన్న పాఠాల మీద ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి తెలుగుశాఖకు సాంకేతిక నిపుణుడు అవసరం లేదు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందు శాఖకు సమర్పించిన సిద్ధాంతగ్రంథాల్లోని రాతకు ఆ అనుమానం వర్తించదు. వాటి నుండి నాలుగేసి వాక్యాల భాగాలను యాభై తీసుకోవాలి. ఏ రకం పాఠాన్ని పరీక్షించాలనుకుంటున్నారో ఆ రకం భాగాలనే, అంటే సంగ్రహాలైతే సంగ్రహాలనే తీసుకోవాలి. నచ్చినవి ఏరుకోకుండా ప్రతి గ్రంథంలో ఒకే స్థానం నుండి తీసుకోవడం మేలు. వీటిని సాధనంలో పెట్టి, ఎన్ని యంత్రరచనలుగా తేలాయో రాసుకోవాలి.

యాభైలో పది అలా తేలితే, ఆ సాధనాన్ని చిన్న పాఠాలకు వాడరాదని వేరే చెప్పనక్కరలేదు. ఒక్కటీ తేలకపోతే తప్పు సున్నా అనుకోవడం కూడా సరికాదు. యాభై పరీక్షల్లో ఒక్క తప్పూ రాకపోయినా, అసలు తప్పు 6 శాతం వరకు ఉండవచ్చు. మూడును పరీక్షల సంఖ్యతో భాగిస్తే ఈ పైహద్దు వస్తుందన్నది గణాంకశాస్త్రంలో వాడుకలో ఉన్న స్థూలసూత్రం. పాత గ్రంథాలు అంతర్జాలంలో ఉంటే సాధనం శిక్షణలో అవి చేరి ఉండే అవకాశం కూడా ఉన్నది. కాబట్టి అచ్చులోగాని, అంతర్జాలంలోగాని రాని ప్రతులను వాడడం మంచిది.

ఒకే విద్యార్థి రాసిన పది చిన్న జవాబులను కలిపి ఒక పొడవైన పాఠంగా పరీక్షించవచ్చా అన్న సందేహం కలుగుతుంది. పదింటినీ ఒకే విధంగా రాసి ఉంటేనే అది చెల్లుతుంది. ఎనిమిది స్వయంగా రాసి, రెండింటికి యంత్రాన్ని వాడి ఉంటే, కలిపిన పాఠం ఆ రెండింటినీ దాచిపెడుతుంది, లేదా ఎనిమిదింటికీ మచ్చ తెస్తుంది.

10. ముగింపు

పై వివరణను బట్టి తేలే అంశాలు ఇవి:

- గుర్తింపు సాధనం కొలిచేది అనేక చిన్న సూచనల సగటు. నాలుగు వాక్యాల్లో ఆ సూచనలు తీర్పుకు చాలినన్ని ఉండవు.
- విద్యారంగంలోని చిన్న పాఠాలు మూసలో ఉంటాయి కాబట్టి మనిషి రాతకూ యంత్రం రాతకూ ఉండే తేడా వాటిలో మరింత కుదించుకుపోతుంది.
- తెలుగు పాఠంలో టోకెన్ల సంఖ్య, సంకేతాల సంఖ్య సాక్ష్యం ఎక్కువగా ఉన్నట్లు భ్రమ కలిగించగలవు.
- యంత్రాన్ని వాడినవారు తక్కువగా ఉన్న తరగతిలో, చిన్న పాఠాల మీద వచ్చే తీర్పుల్లో అధికభాగం నిర్దోషుల మీదనే పడుతుంది.

ఉపోద్ఘాతంలోని అధ్యాపకుని ముందున్న 87 శాతం విద్యార్థి మాటను కొట్టివేయడానికి చాలదు, సమర్థించడానికీ చాలదు. సాధనంలో ఆ జవాబును మరోసారి పెట్టడం వల్ల కొత్త సాక్ష్యం పుట్టదు. జవాబులో వాడిన ఒక పదాన్ని ఎందుకు ఎంచుకున్నాడో, ఏ పుస్తకం నుండి ఆ విషయం గ్రహించాడో విద్యార్థిని ఐదు నిమిషాలు అడిగితే పుడుతుంది. చిత్తుప్రతి చూపమంటే పుడుతుంది. అదే విషయం మీద తరగతిలో కూర్చోబెట్టి ఒక పేజీ రాయిస్తే పుడుతుంది.